ఎక్కడ నిలబడ్డాం, ఎటు నడిచాం

1685లో లండన్‌లో అచ్చయిన ఒక బీజగణిత గ్రంథంలో ఒక మనిషి నడుస్తుంటాడు. ఒకచోట బయల్దేరి ముందుకు 5 గజాలు వెళ్తాడు. అక్కణ్నుంచి వెనక్కి 2 గజాలు వస్తాడు. ఇప్పుడు బయల్దేరిన చోటుకి ఎంత ముందున్నాడు? 3 గజాలు. ఇంతవరకూ కూడికలు, తీసివేతలు నేర్చిన ఏ పిల్లవాడైనా చెబుతాడు. ఆ తర్వాత రచయిత ప్రశ్నను కొంచెం మారుస్తాడు. ముందుకు 5 గజాలు వెళ్లినవాడు వెనక్కి 2 కాకుండా 8 గజాలు వస్తే?

ఆ కాలంలో యూరప్‌లోని చాలామంది గణితవేత్తలకు ఇక్కడ గొంతులో వెలక్కాయ పడేది. 5 లోంచి 8 తీయడమేమిటి, ఉన్నదానికంటే ఎక్కువ ఎలా తీస్తాం అని వాదించేవారు. ఈ గ్రంథకర్త జాన్ వాలిస్ మాత్రం ఆ మనిషిని ఆపలేదు. 5 గజాలు వెనక్కి వస్తే బయల్దేరిన చోటుకే చేరతాడు. ఇంకా 3 గజాలు నడవాల్సి ఉంది కాబట్టి ఆ చోటును దాటి, దాని వెనక 3 గజాల దూరంలో నిలబడతాడు. బయల్దేరిన చోటుకి 3 గజాలు ముందు ఒక చోటు ఉన్నట్టే, 3 గజాలు వెనక కూడా ఒక చోటు ఉంది. రెండూ నేలమీద ఉన్న చోట్లే. ముందున్నదాన్ని +3 అంటే, వెనకున్నదాన్ని −3 అనాలి. వాలిస్ చెప్పినదాని సారం ఇంతే.

అనంతాన్ని సూచించే ∞ గుర్తును 1655లో మొదట వాడినవాడూ ఈ వాలిసే. ఆక్స్‌ఫర్డ్‌లో రేఖాగణిత ఆచార్యుడిగా పనిచేశాడు. ఆయన నడిపించిన ఆ మనిషి అడుగుల వెంటే ఇవాళ మన ఆరో తరగతి పిల్లలు రుణసంఖ్యలు నేర్చుకుంటున్నారు. పాఠ్యపుస్తకంలో మనిషి ఉండకపోవచ్చు. నేలకు బదులు ఒక గీత ఉంటుంది, దాని పేరు సంఖ్యారేఖ.

ఆ గీతను ముందు సరిగ్గా గీసుకుందాం. ఒక అడ్డగీత గీసి, మధ్యలో ఎక్కడో ఒకచోట సున్న పెట్టండి. కుడివైపు సమాన దూరాల్లో 1, 2, 3 అని గుర్తులు పెట్టుకుంటూ వెళ్లండి. ఇవి ధన పూర్ణసంఖ్యలు. ఎడమవైపు కూడా అవే దూరాల్లో −1, −2, −3 అని పెట్టండి. ఇవి రుణ పూర్ణసంఖ్యలు. సున్న ధనమూ కాదు, రుణమూ కాదు. ఈ మూడు రకాలూ కలిపితే పూర్ణసంఖ్యలు.

```
−6  −5  −4  −3  −2  −1   0   1   2   3   4   5   6
```

గీయడం సులువే అనిపిస్తుంది. కానీ మొదటిసారి గీసేటప్పుడు ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. ఎడమనుంచి కుడికి రాయడం మన చేతికి అలవాటు. అందుకే ఎడమ చివర −1 తో మొదలుపెట్టి −1, −2, −3, −4, తర్వాత 0, 1, 2 అని రాసేస్తారు. అప్పుడు −4 పక్కనే సున్న వచ్చి కూర్చుంటుంది. ఆ గీత మీద చేసిన ఏ కూడికా సరిగా రాదు. గీత గీశాక ఒక్క సంగతి చూసుకుంటే చాలు. సున్నకు ఇటు 1, అటు −1 వెంటనే పక్కన ఉండాలి. 4 సున్నకు ఎంత దూరంలో ఉందో −4 కూడా అంతే దూరంలో ఉండాలి. కాగితాన్ని సున్న దగ్గర మడిస్తే 1 మీద −1, 4 మీద −4 పడాలి. పడకపోతే గీతే తప్పు.

సరిగా గీసిన రేఖ మీద, కుడికి వెళ్లేకొద్దీ సంఖ్య పెరుగుతుంది. ఎడమకు వెళ్లేకొద్దీ తగ్గుతుంది. ఈ మాట సున్నకు ఎడమవైపు కూడా అలాగే నిజం. −3 కంటే −8 ఎడమన ఉంది కాబట్టి −8 చిన్నది. మొదట్లో ఇది మనసుకు ఎక్కదు, 8 పెద్దది కదా అనిపిస్తుంది. సున్నకు దూరం చూస్తే 8 పెద్దదే, అనుమానం లేదు. సంఖ్యల్లో పెద్ద ఏది, చిన్న ఏది అని తేల్చేది మాత్రం దూరం కాదు, రేఖ మీద ఎవరు కుడిపక్కన ఉన్నారన్నది. దూరం, చోటు రెండూ వేర్వేరు సంగతులని ఇక్కడే తెలుసుకుంటే తర్వాత చాలా తంటాలు తప్పుతాయి.

కుడికి ధనం, ఎడమకు రుణం అనేది మనం పెట్టుకున్న కట్టుబాటు మాత్రమే. తిప్పి రాసుకున్నా లెక్కలు నడుస్తాయి. స్వీడన్ శాస్త్రవేత్త ఆండర్స్ సెల్సియస్ 1742లో ఉష్ణోగ్రతల కొలమానం తయారుచేసినప్పుడు నీరు మరిగే చోట 0, గడ్డకట్టే చోట 100 పెట్టాడు. తర్వాతివాళ్లు దాన్ని తలకిందులు చేసి, ఇప్పుడు మనం వాడే పద్ధతికి తెచ్చారు. ఒకసారి దిక్కు నిర్ణయించుకున్నాక లెక్క మధ్యలో మార్చకుండా ఉంటే చాలు.

చోటు, నడక

ఇప్పుడు కూడిక. 3 + 2 అన్నప్పుడు రేఖ మీద ఏం చేస్తాం? 3 దగ్గర నిలబడతాం. అక్కణ్నుంచి కుడికి 2 అడుగులు వేస్తాం. 5 దగ్గర ఆగుతాం. ఇక్కడ 3, 2 రెండూ సంఖ్యలే అయినా చేసిన పని ఒకటి కాదు. మొదటిది మనం నిలబడ్డ చోటు చెప్పింది. రెండోది మన నడక చెప్పింది. నా ఉద్దేశంలో రుణసంఖ్యల కూడికలో పిల్లలకు గట్టిగా పట్టించాల్సింది ఈ తేడానే. నియమాలు తర్వాత చెప్పుకోవచ్చు. మొదటి సంఖ్య చోటు, రెండో సంఖ్య నడక. ఇది ఒంటబట్టిన పిల్లకి నియమాలు చెప్పకపోయినా వాటంతటవే దొరుకుతాయి.

నడకలో రెండు విషయాలుంటాయి, ఎటు అన్నది ఒకటి, ఎంత అన్నది రెండోది. ముందున్న గుర్తు ఎటు వెళ్లాలో చెబుతుంది. ధనమైతే కుడికి, రుణమైతే ఎడమకు. గుర్తు తీసేస్తే మిగిలిన సంఖ్య ఎన్ని అడుగులో చెబుతుంది. అందుచేత +4 అంటే కుడికి 4 అడుగులు, −4 అంటే ఎడమకు 4 అడుగులు.

3 + (−5) చేద్దాం. 3 దగ్గర నిలబడ్డాం. రెండో సంఖ్య −5, అంటే ఎడమకు 5 అడుగులు. మొదటి అడుగుకు 2, రెండో అడుగుకు 1, మూడో అడుగుకు 0, నాలుగో అడుగుకు −1, ఐదో అడుగుకు −2. జవాబు −2. సున్న దగ్గర ఆగిపోలేదు, దాన్నొక మామూలు గుర్తులాగే తొక్కుకుంటూ దాటిపోయాం. వాలిస్ మనిషి చేసిందీ ఇదే.

ఇప్పుడు (−4) + 6. సున్నకు ఎడమన −4 దగ్గర నిలబడ్డాం. 6 ధనం, కుడికి 6 అడుగులు: −3, −2, −1, 0, 1, 2. జవాబు 2. మరి (−4) + 3? అదే చోట, అదే దిక్కుకి, మూడే అడుగులు: −3, −2, −1. సున్న దాకా చేరలేకపోయాం, జవాబు −1. ఎడమవైపు నుంచి బయల్దేరి కుడికి నడిచినంత మాత్రాన జవాబు ధనం కావాలని ఏమీ లేదు. సున్నను దాటడానికి అడుగులు చాలాలి.

ఇక (−2) + (−3). −2 దగ్గర నిలబడి ఎడమకు 3 అడుగులు: −3, −4, −5. జవాబు −5. ఇక్కడ ఒకటి గమనించండి. మనం ముందే సున్నకు ఎడమన ఉన్నాం, నడిచిందీ ఎడమకే. కాబట్టి సున్నకు ఇంకా దూరమయ్యాం. రెండు రుణసంఖ్యలు కూడితే వచ్చేది ఆ రెండిటికంటే ఇంకా ఎడమన ఉండే రుణసంఖ్య. వేరే దారి లేదు.

నడిచేటప్పుడు లెక్క తప్పేది ఎక్కడంటే, నిలబడ్డ చోటునే మొదటి అడుగుగా లెక్కపెట్టడంలో. 3 మీద వేలు పెట్టి 'ఒకటి' అని, 2 మీద 'రెండు' అని, అలా −1 మీద 'ఐదు' అని ఆగిపోతారు. −2 రావాల్సిన చోట −1 వస్తుంది. జవాబు సరిగ్గా ఒక్కటే తేడాతో పోతుంటే కారణం దాదాపు ఎప్పుడూ ఇదే. తెలుసుకోవడానికి తెలిసిన లెక్కే అదే వేలితో చేయించి చూడాలి. 2 + 3 కి 4 వచ్చిందంటే దొంగ దొరికినట్టే. లెక్కపెట్టాల్సింది గుర్తులను కాదు, ఒక గుర్తు నుంచి ఇంకో గుర్తుకు వేసే గెంతును. వేలు కదిలాకే 'ఒకటి' అనాలి.

సున్నను గుర్తుగా లెక్కలోకి తీసుకోకుండా గెంతేయడం ఇంకో పొరపాటు. 1 తర్వాత నేరుగా −1 కి దూకుతారు. పిల్లల్ని అని లాభం లేదు, మన చరిత్ర కాలమానంలోనే ఆ గెంతు ఉంది. క్రీ.పూ. 1 అయిన వెంటనే క్రీ.శ. 1 వస్తుంది, మధ్యలో సున్న సంవత్సరం లేదు. అందుకే క్రీ.పూ. 5లో ఒక రోజు నుంచి క్రీ.శ. 5లో అదే రోజుకి పదేళ్లు కావు, తొమ్మిదేళ్లే. సంఖ్యారేఖ మీద −5 నుంచి 5 కి మాత్రం పూర్తిగా పది అడుగులు, ఎందుకంటే అక్కడ సున్నకు తన చోటు తనకుంది.

సున్న దగ్గర విరవడం

చిన్న సంఖ్యలకు ఒక్కొక్క అడుగూ వేసుకుంటూ పోవచ్చు. 47 + (−63) వస్తే? అరవైమూడు అడుగులు వేస్తూ కూర్చోనక్కర్లేదు. దారి మధ్యలో మనకు బాగా తెలిసిన చోటు ఒకటుంది, సున్న. 47 దగ్గర నిలబడి ఎడమకు వెళ్తే సున్న చేరడానికి ఎన్ని అడుగులు? 47. వేయాల్సినవి 63. సున్న చేరాక ఇంకా 16 మిగిలాయి. సున్న నుంచి ఎడమకు 16 వేస్తే −16. అంతే లెక్క.

47 + (−63) అనేదాన్ని 47 + (−47) + (−16) గా విరిచామన్నమాట. మొదటి రెండూ కలిసి సున్న అవుతాయి. 47 అడుగులు ఇటు వెళ్లి 47 అడుగులు అటు వస్తే బయల్దేరిన చోటికే వస్తాం కదా. ఇలా కలిస్తే సున్న అయ్యే జంటలో ఒకదాన్ని ఇంకోదానికి సంకలన విలోమం అంటారు. 47 కి −47, −9 కి 9. కాగితం మడిస్తే ఒకదాని మీద ఒకటి పడిన జంటలు ఇవే.

అన్నిసార్లూ సున్న దాకా చేరం. (−38) + 25 చూడండి. −38 నుంచి కుడికి వెళ్తే సున్న చేరడానికి 38 అడుగులు కావాలి. మన దగ్గర ఉన్నవి 25. ఇంకా 13 అడుగుల దూరంలోనే ఆగిపోతాం, సున్నకు ఎడమవైపునే. జవాబు −13.

ఈ రెండు లెక్కల్లోనూ మనం అడిగింది ఒకే ప్రశ్న: సున్న చేరడానికి ఎన్ని అడుగులు కావాలి, మన దగ్గర ఎన్ని ఉన్నాయి? ఆ రెండిటి తేడాయే జవాబులోని అంకె. అడుగులు ఎక్కువగా ఉంటే సున్న దాటి అవతలి పక్క, తక్కువగా ఉంటే ఇవతలి పక్క. అంటే దూరం ఎవరిది ఎక్కువో వాళ్ల గుర్తే జవాబుకు వస్తుంది. బడిలో 'గుర్తులు వేరైతే పెద్దదాంట్లోంచి చిన్నది తీసి, పెద్దదాని గుర్తు వేయాలి' అని చెప్పేది దీన్నే. గీత మీద నడిచి చూడకుండా బట్టీపట్టిన పిల్లకి ఆ 'పెద్దది' ఏదో తెలియదు. −38, 25 లలో పెద్ద సంఖ్య 25 కదా, కాబట్టి ప్లస్ గుర్తు వేయాలి కదా అని అడిగితే ఆ పిల్లది తప్పనలేం. నియమంలో ఉన్న 'పెద్దది' సున్నకు ఎక్కువ దూరంలో ఉన్నది, కుడిపక్కన ఉన్నది కాదు. ఇందాక చెప్పుకున్న దూరం, చోటుల తేడా ఇక్కడ అక్కరకొస్తుంది.

ఈ నియమాలు మన దేశంలో చాలా పాతవి. 628లో బ్రహ్మగుప్తుడు రాసిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో ఇవన్నీ ఉన్నాయి. రెండు ధనాల మొత్తం ధనం, రెండు రుణాల మొత్తం రుణం, ధనరుణాల మొత్తం వాటి భేదం, ఆ రెండూ సమానమైతే సున్న. ఆయన గీత గీయలేదు, ఆస్తి, అప్పు అన్న భావనల మీదుగా చెప్పాడు. వాలిస్ కంటే వెయ్యేళ్ల పైచిలుకు ముందే నియమాలు ఇంత పూర్తిగా చెప్పడం చిన్న సంగతి కాదు. వాలిస్ తర్వాత కూడా, 1758లో, ఫ్రాన్సిస్ మసీరెస్ అనే ఇంగ్లీషువాడు రుణసంఖ్యలను సంఖ్యలుగా ఒప్పుకోకుండా ఒక పుస్తకమే రాశాడు. నియమం చేతిలో ఉన్నా, ఆ సంఖ్య ఎక్కడ ఉందో కంటికి కనబడకపోతే మనసు ఒప్పుకోదు. అందుకే నేను గీత పక్షాన ఇంత గట్టిగా మాట్లాడుతున్నాను.

లేహ్‌లో ఒక చలి రోజు

చోటు, నడక అన్న తేడా బయటి ప్రపంచంలో ఎలా ఉంటుందో చూద్దాం. లద్దాఖ్‌లోని లేహ్ పట్టణంలో జనవరి రాత్రుళ్లు సున్నకు చాలా దిగువకు పోతాయి. ఒకరోజు తెల్లవారుజామున −14 డిగ్రీలు ఉందనుకుందాం. ఉష్ణమాపకం నిజానికి నిలబెట్టిన సంఖ్యారేఖే, కుడి బదులు పైకి, ఎడమ బదులు కిందికి. మధ్యాహ్నానికి 11 డిగ్రీలు పెరిగింది. (−14) + 11. సున్న చేరాలంటే 14 కావాలి, 11 మాత్రమే పెరిగింది, 3 తక్కువ. మధ్యాహ్నం −3 డిగ్రీలు. ఎండ కాసినా నీళ్లు గడ్డకట్టే ఉంటాయి. సాయంత్రం దాటాక 9 డిగ్రీలు పడిపోయింది. (−3) + (−9). మనం సున్నకు కింద ఉన్నాం, కదిలిందీ కిందికే. −12 డిగ్రీలు.

ఈ లెక్కలో −14, −3, −12 మూడూ చోట్లు. +11, −9 రెండూ కదలికలు. చోటుకి కదలిక కలిపితే కొత్త చోటు వచ్చింది. ఇప్పుడు ఒక వింత ప్రశ్న వేస్తాను. తెల్లవారుజాము −14 కి మధ్యాహ్నం −3 ని కలిపితే −17 కదా, ఆ −17 ఏమిటి? ఏమీ కాదు. ఆ రోజు లేహ్‌లో ఏ వేళలోనూ అంత చలి లేదు. గణితపరంగా (−14) + (−3) = −17 అన్నది సరైనదే, కానీ అక్కడ ఎవరూ నడవలేదు. రెండు చోట్లను కూడితే వచ్చే అంకెకు అర్థం ఉండదు. పాఠ్యపుస్తకాల్లో వాక్యరూపంలో వచ్చే లెక్కలు చేసేటప్పుడు ఏది చోటు, ఏది మార్పు అని ముందు గుర్తుపట్టాలి. 'ఉష్ణోగ్రత −5 డిగ్రీలు' వేరు, 'ఉష్ణోగ్రత 5 డిగ్రీలు తగ్గింది' వేరు. రెంటినీ −5 అనే రాస్తాం. మొదటిదాంట్లో అది ఒక చోటు పేరు, రెండోదాంట్లో అది ఒక ప్రయాణం.

ఇక్కడ కొందరికి సందేహం వస్తుంది. 4 + (−7), (−7) + 4 రెండూ −3 అని చెబుతారు కదా, చోటుకీ నడకకీ అంత తేడా ఉంటే రెంటినీ తారుమారు చేస్తే జవాబు ఎందుకు మారదు? నడిచే చూద్దాం. మొదటిదాంట్లో 4 నుంచి ఎడమకు 7 అడుగులు: 3, 2, 1, 0, −1, −2, −3. రెండోదాంట్లో −7 నుంచి కుడికి 4 అడుగులు: −6, −5, −4, −3. వెళ్లిన దారులు వేరు, ఒకటి సున్నను దాటింది, రెండోది దాటలేదు. చేరింది మాత్రం ఒకే చోటు. ఎందుకంటే మొదటి సంఖ్య దగ్గర నిలబడ్డామంటే, సున్న నుంచి బయల్దేరి అక్కడికి వచ్చామనే అర్థం. 4 దగ్గర ఉన్నవాడు సున్న నుంచి కుడికి 4 అడుగులు వేసినవాడే. కాబట్టి నిజానికి రెండూ నడకలే, సున్న దగ్గర మొదలైనవి. కుడికి 4, ఎడమకు 7 అన్న రెండు నడకల్లో ఏది ముందు నడిచినా ఆఖరికి చేరే చోటు మారదు.

సంఖ్యలు రెండుకంటే ఎక్కువైనప్పుడు ఈ వెసులుబాటు బాగా పనికొస్తుంది. జేఈఈ మెయిన్ పరీక్షలో బహుళైచ్ఛిక ప్రశ్నకు సరైన జవాబు రాస్తే 4 మార్కులు, తప్పు రాస్తే −1. ఒక విద్యార్థి ఏడు ప్రశ్నలు వరసగా ఇలా చేశాడనుకోండి: తప్పు, తప్పు, తప్పు, ఒప్పు, తప్పు, ఒప్పు, ఒప్పు. సున్న దగ్గర నిలబడి అతని వెంట నడుద్దాం. −1, −2, −3, అక్కణ్నుంచి కుడికి నాలుగు వేసి 1, మళ్లీ ఒకటి ఎడమకు జరిగి 0, తర్వాత 4, చివరికి 8. ఏడు నడకలు అయ్యాయి, మధ్యలో సున్నకు అటూ ఇటూ తిరిగాం. వరస మార్చి కుడి నడకలన్నీ ఒకచోట, ఎడమ నడకలన్నీ ఒకచోట చేరిస్తే? మూడు ఒప్పులు, 12. నాలుగు తప్పులు, −4. 12 + (−4) = 8. అదే 8, ఒక్క కూడికతో వచ్చింది. పొడుగు లెక్క ఏదొచ్చినా ముందు ధనాలన్నీ ఒక మూట, రుణాలన్నీ ఒక మూట కట్టి, ఆఖర్న ఒకే ఒక్కసారి సున్న దగ్గర విరవండి. గుర్తులు తప్పే అవకాశం బాగా తగ్గుతుంది.

రెండు మైనస్‌ల గోల

మైనస్ గుర్తు రెండు పనులు చేస్తుంది. 5 − 8 లో అది తీసివేయమని చెబుతుంది. −3 లో అది సంఖ్యకు అంటుకుని, ఈ సంఖ్య సున్నకు ఎడమన ఉందని చెబుతుంది. అందుకే 5 + (−8) అని రాసేటప్పుడు కుండలీకరణాలు పెడతాం, ఈ మైనస్ 8 కి చెందినది అని తెలియడానికి. మొదట్లో వీటిని వదిలేయకూడదు. రేఖ మీద చూస్తే 5 − 8, 5 + (−8) రెండూ ఒకే నడక: 5 దగ్గర నిలబడి ఎడమకు ఎనిమిది అడుగులు, −3. వాలిస్ మనిషి ఆగిన చోటే.

ఇక ఆఖరిది, నేను చూసినంతలో అన్నిటికంటే మొండి పొరపాటు. (−3) + (−4) కి 7 అని రాస్తారు. అడిగితే 'మైనస్, మైనస్ ప్లస్ అవుతుంది కదా' అంటారు. ఆ మాట గుణకారానికి సంబంధించింది. (−3) × (−4) = 12 అన్నచోట అది నిజం. కూడికకు దానితో పనిలేదు. పై తరగతుల పిల్లలు కూడా, గుణకారం నేర్చుకున్నాక, అంతకుముందు చక్కగా చేసిన కూడికలను ఇలా పాడుచేసుకుంటారు. కొత్త నియమం వచ్చి పాతదాని మీద కూర్చుంటుంది. గుణకారంలో అలా ఎందుకవుతుందో మనం ఇక్కడ చేసిన ఎడమకు, కుడికి అడుగులతో మాత్రమే తేల్చలేం, దానికి వేరే ఆలోచన కావాలి. అది ఇంకో పాఠం.

ఈ పొరపాటు చేసిన పిల్లకి 'కూడికలో ఆ నియమం వాడకూడదు' అని మరో నియమం చెప్పకండి. గుర్తుపెట్టుకోవాల్సిన నియమాలు ఒకటి పెరగడం తప్ప లాభం ఉండదు. గీత గీయమనండి. లెక్క మొదలుపెట్టకముందే ఒక్క ప్రశ్న అడగండి: జవాబు సున్నకు ఎటువైపు ఉంటుందనుకుంటున్నావు? −3 దగ్గర వేలు పెట్టి, ఎడమకు నడవాలని తెలిశాక, 7 దగ్గర తేలడం అసాధ్యమని ఆ పిల్లకే తెలిసిపోతుంది. లెక్కకు ముందు పక్క చెప్పించడం, లెక్కయ్యాక ఆ పక్కనే ఉన్నామో లేదో చూపించడం, ఈ రెండూ అలవాటైతే గుర్తుల తప్పులు చాలావరకూ అక్కడికక్కడే దొరుకుతాయి.

ఇంట్లో ఆరో తరగతి చదివే పిల్లలుంటే ఈ మూడు లెక్కలు ఇచ్చి చూడండి: (−9) + 9, (−20) + 13, 15 + (−6) + (−12). జవాబు అడిగేముందు అది సున్నకు ఎటువైపు ఉంటుందో చెప్పించండి. జవాబులు వరసగా 0, −7, −3.